ఒక పేజీ రాగి సంగటి ఆరు వరసల్లోకి ఎలా వచ్చింది: ఒక కేస్ స్టడీ

తిరుపతిలో చిన్న చిన్న తిండి వ్యాపారాలకు ఫొటోలు తీసి, వాటి కింద మాటలు రాసిపెట్టడం నా పని. మెస్సులవాళ్లు, పచ్చళ్లు పొడులు అమ్మేవాళ్లు, ఇంట్లోనే స్వీట్లు చేసి ఆర్డర్ల మీద పంపేవాళ్లు వస్తుంటారు. ఈ కేసు రాగిపిండి అమ్మే ఒకావిడది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరూ పాకెట్ మీది పేరూ ఇక్కడ ఉండవు, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. వంట, కొలతలు, మేం రాసుకున్న క్యాప్షన్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

చిత్తూరు వైపు పల్లెలో నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి రాగులు కడిగి, ఎండబెట్టి, మర పట్టించి అరకిలో పాకెట్లు కడతారు. అందులో పెద్దావిడే నా దగ్గరికి వచ్చింది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను తమ్ముడా అంటుంది. పాకెట్లు ఎక్కువగా అమ్ముడుపోయేది పల్లెల్లో కాదు, తిరుపతి అపార్ట్‌మెంట్లలో. పల్లెలో ఎవరి రాగులు వాళ్లకుంటాయి. ఇక్కడ కొనేవాళ్లలో సగం మంది చిన్నప్పుడు అవ్వ చేతి సంగటి తిన్నవాళ్లే గానీ తాము ఎప్పుడూ గెలికినవాళ్లు కాదు. మిగతావాళ్లు హోటల్లో నాటుకోడి పులుసుతో తిని, ఇంట్లో ఒకసారి చేసి చూద్దామనుకునేవాళ్లు. చాలామంది ఉద్యోగాల కోసం ఇతర జిల్లాల నుంచి వచ్చినవాళ్లు.

ప్రతి పాకెట్‌లోనూ ఒక జెరాక్స్ కాగితం మడిచి పెట్టేవాళ్లు. దాని మీద సంగటి చేసే విధానం పేజీ పొడుగునా ఒకే పేరాగా ఉండేది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టినప్పుడల్లా అదే పేరా కింద అతికించేవాళ్లు. కొంచెం కుదించి ఇక్కడ ఇస్తున్నాను, ఎందుకంటే ఈ కేసంతా దీని చుట్టూనే తిరుగుతుంది:

"రాగి సంగటి చేసే విధానం. మొదట బియ్యం అరగ్లాసు తీసుకోవాల, స్టోరు బియ్యమైనా పరవాలేదు, మా అమ్మ అయితే నూకలే వేసేది, నూకలైతే తొందరగా ఉడుకుతాయి. రెండు మూడు తూర్లు కడిగి అరగంట నానబెట్టుకోవాల. ఆ లోపల పొయ్యి మీద మందంగా ఉండే గిన్నె పెట్టి నీళ్లు కాగనివ్వాల, నీళ్లు మూడున్నర గ్లాసులు పడతాయి, కొందరు ఎక్కువ పోస్తారు, అట్ల పోస్తే జావ అయిపోతాది. కాగినాక బియ్యం, ఉప్పు వేసి మెత్తగా ఉడకనిచ్చి, గంజి ఉండంగానే మంట తగ్గించి, జల్లించి పెట్టుకున్న రాగిపిండి గ్లాసు మధ్యలో పోసి, కట్టెతో కన్నం పెట్టి మూత పెట్టి మగ్గనివ్వాల, అప్పుడే గెలకరాదు. రాగులు ఒంటికి చలవ, షుగరు ఉండేవాళ్లకు చానా మంచిది, ఎముకలకు బలం. మగ్గినాక దించి కాళ్ల సందున గిన్నె అదిమి పట్టుకోని కట్టెతో బాగా గెలికితే ఉండలు లేకుండా వస్తాది. తడి చేత్తో ముద్దలు చేసుకోని నెయ్యి వేసుకోని నాటుకోడి పులుసులోకి గానీ చెనిక్కాయల ఊరిబిండిలోకి గానీ తింటే ఆ రుచే వేరు."

వంట వరకు ఇందులో తప్పు ఒక్కటీ లేదు. వంట తెలిసినవాళ్లు చదివితే ఎంత చక్కగా చెప్పిందో అనిపిస్తుంది.

వచ్చిన సమస్య

"మీ పిండి ఉండలు కడతా ఉండాది" అని ఫోన్లు వస్తున్నాయి. అక్క బాధ క్యాప్షన్ గురించి కాదు, పిండికి వచ్చిన చెడ్డపేరు గురించి. మంచి రాగులు, శుభ్రంగా జల్లించిన పిండి. అయినా సంగటి చెడితే కొన్నవాళ్లు పిండినే అంటారు. ఆమె నన్ను అడిగింది ఒకటే: "నోరూరేటట్ల చిన్నగా రాసియ్యి తమ్ముడా, చదివేటట్ల ఉండాల."

కుదించే పని ఎవరు తెచ్చినా ముందు నేను అడిగేది, చదివినవాళ్లు తిరిగి ఏమడుగుతున్నారని. పేరాలో ఏది పనిచేయడం లేదో ఆ ప్రశ్నలే చెబుతాయి. అక్కను కూర్చోబెట్టి ఫోన్లలో జనం ఏమడిగారో గుర్తు చేసుకోమన్నాను. మూడు ప్రశ్నలే మళ్లీ మళ్లీ వచ్చాయి. నీళ్లెన్ని పోయాలి? పిండి వేశాక ఎప్పుడు కలపాలి? కుక్కర్‌లో పెట్టొచ్చా? బియ్యం ఎన్నిసార్లు కడగాలని ఎవరూ అడగలేదు. ఉప్పెంతని కూడా అడగలేదు.

మొదటి రెండిటికీ జవాబు పేరాలోనే ఉంది. నీళ్ల లెక్క ఎక్కడుందో చూడండి: గిన్నె మందం మాటకూ, ఎక్కువ పోస్తే జావ అవుతుందన్న మాటకూ మధ్యలో ఇరుక్కుని ఉంది. గెలకరాదన్నది ఒక పొడుగాటి వాక్యం చివర తోకలా వేలాడుతోంది, ఆ వెంటనే షుగరు, ఎముకలు వచ్చేస్తాయి. పొయ్యి దగ్గర నిలబడి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చూసే మనిషికి ఇవి దొరకవు. పొడుగు కంటే ముఖ్యమైన ఇబ్బంది అది. పేరాలో అన్ని మాటలూ ఒకే గొంతుతో ఉన్నాయి. చేయి కడుక్కోమన్నంత తేలిగ్గా, చెయ్యకపోతే వంటే చెడిపోయే సంగతి కూడా చెప్పి వదిలేసింది.

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2,200 అక్షరాల హద్దుంది. అక్క పేరా అందులో హాయిగా పట్టింది, అందుకే ఎవరికీ అది సమస్యగా కనిపించలేదు. అసలు ఇరుకు వేరేచోట ఉంది. ఫొటో కింద మొదట కనిపించేవి ఒకటి రెండు వరసలే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. తెలుగులో ఆ ఒకటి రెండు వరసలు ఇంకా తొందరగా నిండిపోతాయి, ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి. "స్త్రీ" అనేది మన కంటికి ఒక్క అక్షరం, లెక్కలో ఆరు. అక్క క్యాప్షన్‌లో పైకి కనిపించింది "రాగి సంగటి చేసే విధానం. మొదట బియ్యం అరగ్లాసు" దాకానే. నోరూరడానికి అందులో ఏముంది?

మొదట చేసిన ప్రయత్నం

నా దగ్గరికి రాకముందే అక్క కొడుకు ఒకసారి కుదించాడు. కాలేజీ పిల్లవాడు, ఫోన్ వాడకం బాగా తెలుసు. అతను రాసింది ఇది:

"ఆరోగ్యకరమైన, రుచికరమైన మన రాయలసీమ రాగి సంగటి! మెత్తగా ఉడికిన అన్నంలో రాగిపిండి వేసి ఉండలు లేకుండా బాగా కలిపితే సంగటి రెడీ. వేడివేడిగా నాటుకోడి పులుసుతో తింటే అదిరిపోద్ది!"

చదవడానికి బాగుంది, లైకులు కూడా వచ్చాయి. ఫోన్లు మాత్రం ఆగలేదు. పైగా ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లు "మీరు రాసినట్టే చేసినాం" అంటున్నారు. నిజమే, రాసినట్టే చేశారు. పిండి వేసి వెంటనే బాగా కలిపారు.

ఇక్కడ సంగటి సంగతి కొంచెం చెప్పాలి. పొడిపిండి సలసల కాగే గంజిలో పడగానే కలిపితే, పిండి చిన్న చిన్న గడ్డలుగా విడిపోతుంది. ప్రతి గడ్డకూ పైపొర వేడికి జిగురుగా మారి మూసుకుపోతుంది, ఇక లోపలికి నీళ్లు వెళ్లవు. ఆ తర్వాత ఎంత గెలికినా ఆ గడ్డలు చితకవు, విరిచి చూస్తే లోపల పొడిగా పచ్చిపిండి ఉంటుంది. ఉండలు కట్టడమంటే అదే. గోధుమపిండిలో ఉండే గ్లూటెన్ రాగిలో లేదు. పిసికితే సాగి కలిసిపోయే గుణం లేదు కాబట్టి పిండి ఉడికితేనే సంగటి పట్టుకుంటుంది. అందుకే మన పెద్దవాళ్లు పిండిని కుప్పగా పోసి, కదిలించకుండా, చుట్టూ ఉడికే గంజితోనూ ఆవిరితోనూ ముందు మగ్గించి, ఆ తర్వాతే కట్టె పెడతారు.

కుర్రాడి క్యాప్షన్ ఆ మధ్య దశనే తీసేసింది. "ఉండలు లేకుండా" అన్నాడు, ఎలా లేకుండా చేయాలో చెప్పే మాట పోయింది. వంటలు కుదించిన క్యాప్షన్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. ఏ పనైతే ఊరికే ఆగి ఉండటమో, అదే ముందు కొట్టుకుపోతుంది. చెయ్యడం రాయడానికి క్రియాపదం ఉంటుంది, ఆగడం చెప్పకపోయినా వాక్యం అందంగానే ఉంటుంది. ముద్దపప్పు నుంచి దోసెపిండి దాకా చెడేది ఎక్కువగా అక్కడే.

రెండో రూపం

ఈసారి విశేషణాలన్నీ తీసేసి, కొలతలు పైన పెట్టి, అంకెలేసి మెట్లు రాశాం. కావలసినవి ఒక వరస, ఆ కింద ఐదు మెట్లు. నాలుగో మెట్టు ఇలా ఉంది: "మంట తగ్గించి, రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కన్నం పెట్టి, కలపకుండా మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచండి."

కాగితం మీద ఇది తప్పు పట్టలేని క్యాప్షన్. అయినా పోస్ట్ చేసే ముందు ఒక మనిషి చేత చేయించి చూడాలని నా నియమం. ఆ మనిషికి వంట తెలిసి ఉండాలి, ఆ వంటకం మాత్రం తెలిసి ఉండకూడదు. మా పక్క పోర్షన్‌లో ఉండే అమ్మాయి ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగానికి వచ్చింది. ఇంట్లో అన్నం, కూరలు చక్కగా చేస్తుంది, సంగటి హోటల్లో తప్ప చూడలేదు. క్యాప్షన్, పాకెట్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అడిగినా జవాబు చెప్పనని ముందే చెప్పాను.

బియ్యం నానబెట్టింది, ఉడికించింది, కొలత సరిగ్గా పోసింది. పిండి కుప్పగా పోసి గరిటె కాడతో కన్నం పెట్టి మూత పెట్టింది. రెండు నిమిషాలయ్యాక మూత తీసి చూసింది. పైన పిండి ఇంకా పొడిపొడిగా, పోసింది పోసినట్టే ఉంది. "అన్నా, ఇది తడవనే లేదు, నీళ్లు చాలలేదేమో" అంటూ నా జవాబు కోసం చూడకుండానే గరిటె తీసుకుని గిర్రున కలిపేసింది. ఉండలు.

ఆమె క్యాప్షన్ చదవకపోవడం కాదు. "కలపకుండా" అని చదివింది. కళ్ల ముందు కనిపిస్తున్నది చూసి, రాసినదాని కంటే కంటికి కనిపించినదాన్నే నమ్మింది. వంట చేసే చేయి ఎప్పుడూ అలాగే చేస్తుంది, అన్నం అడుగంటుతోందని వాసన వస్తే పుస్తకంలో పది నిమిషాలని ఉందని ఎవరు ఆగుతారు?

ఈ కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ నిమిషమే. అప్పటిదాకా ముఖ్యమైన మెట్టు ఏదని వెతుకుతున్నాం. అది దొరికింది, రాశాం, అయినా దాటిపోయింది. ఎందుకంటే ఆ మెట్టులో అంతా సరిగ్గా జరుగుతున్నప్పుడే చెడిపోయినట్టు కనిపిస్తుంది. అలాంటి చోట ఆజ్ఞ ఒక్కటే చాలదు, అక్కడ ఏం కనిపిస్తుందో ముందే చెప్పి పెట్టాలి. పైన పిండి పొడిగా ఉంటుంది, ఉండాలి కూడా, అన్న ఒక్క మాట ఆ అమ్మాయి చేతిని ఆపేది.

ఐదు నిమిషాలన్న లెక్క కూడా బలహీనమే. ఆమె స్టవ్ మీద సన్న మంట వేరు, అక్క కట్టెల పొయ్యి వేరు, గిన్నె మందం వేరు. అక్కను అడిగాను, మగ్గిందని నీకెలా తెలుస్తుందని. ఆమె గడియారం ఎన్నడూ చూసింది లేదు. "కన్నంలోంచి గంజి బుడగలు పైకి ఉబుకుతాయి కదా, ఆ తర్వాత కాసేపు" అంది. ఈ మాట పేరాలో లేదు! కన్నం ఎందుకు పెట్టాలో కూడా పేరాలో లేదు. ఆమెకు తెలిసినదంతా పేరాలో ఉందనుకుని కుదించడం మొదలుపెడితే ఇది ఎప్పటికీ దొరికేది కాదు. కుదించే ముందు పేరాకు కొంత చేర్చాల్సి వచ్చింది.

ఏది ఉంచాం, ఏది తీశాం

మూడోసారి కూర్చున్నప్పుడు పేరాలోని ఒక్కొక్క మాటనూ ఒకే ప్రశ్నతో చూశాం. ఇది చెప్పకపోతే, మామూలుగా వంట తెలిసిన మనిషి తనంతట తాను ఏం చేస్తుంది? తనంతట తాను సరిగ్గానే చేసేదైతే తీసెయ్యొచ్చు. తప్పు చేస్తుందనిపిస్తే ఉండాలి.

బియ్యం కడగడం, నీళ్లు కాగాక వెయ్యడం, ఇవి పోయాయి. కడగకుండా ఎవరూ వండరు. నానబెట్టడం మాత్రం ఒక్క మాటగా ఉంచాం, నానకపోతే మెత్తబడే సరికి నీళ్లు ఇంకిపోతాయి, పిండికి గంజి మిగలదు. జల్లించడం తీసేశాం, పాకెట్ పిండి జల్లించినదే.

నూకలు, స్టోరు బియ్యం సంగతి అక్కకు ఇష్టం. అమ్మ ప్రస్తావన అందులోనే ఉంది. ఒప్పించడానికి కొంత సేపు పట్టింది. జెరాక్స్ కాగితం మీద అది అలాగే ఉండనిద్దామనీ, క్యాప్షన్‌లో మాత్రం ఒకే దారి ఉండాలనీ చెప్పాను. రెండు దారులు చూపిస్తే చదివేవాళ్లు ఏది వాళ్లదో తేల్చుకోలేక అక్కడే ఆగిపోతారు. కుక్కర్ ప్రశ్నకు జవాబు కూడా ఈ కారణంతోనే కాగితం మీదికి పంపాం: అన్నం వరకు కుక్కర్‌లో మెత్తగా ఉడికించుకోవచ్చు, పిండి వేశాక కుక్కర్ మూత బిగించకూడదు.

షుగరు మాట తీసెయ్యమన్నది నేనే, దీనికి కారణం వేరు. రాగిలో కాల్షియం ఎక్కువన్నది నిజం, రాయొచ్చు. కానీ ఈ వంటలో మూడో వంతు తెల్లబియ్యం ఉంది, తినే ముద్ద ఎంతన్నది తినేవాళ్ల ఇష్టం. అమ్మే వస్తువు కింద రోగం పేరు పెట్టి మంచిదని రాయడం బాధ్యతతో కూడిన వ్యవహారం. తిండి వస్తువుల ప్రచారం మీద ఆహార భద్రతా సంస్థ 2018లో తెచ్చిన నిబంధనలు రోగం నయమవుతుందనో, రాకుండా ఆపుతుందనో చెప్పుకోవడాన్ని ఒప్పుకోవు. అక్క రాసింది అంతదూరం వెళ్లలేదు గానీ, ఆ గీత దగ్గర నిలబడటం ఎందుకు? పైగా ఆరోగ్యం గురించి మొదలుపెట్టిన క్యాప్షన్ మందుచీటీలా చదువుకుంటుంది, నోరూరదు.

కాళ్ల సందున గిన్నె పట్టుకోవడం పల్లెలో మామూలు. కింద పెట్టిన గిన్నె కదలకుండా ఉంటేనే రెండు చేతులా బలంగా గెలకగలం. అపార్ట్‌మెంట్‌లో అలా చెయ్యమంటే కాళ్లు కాలుతాయి. అయితే ఆ మాట వెనకున్న అవసరం నిజం, గిన్నె తిరిగిపోతుంటే అడుగున పిండి కలవదు. అందుకని గుడ్డతో గట్టిగా పట్టుకోమని మార్చాం.

కొలతల్లో గ్లాసు సైజు ఎంతని అడిగేవాళ్లున్నారు. గ్రాముల్లో రాద్దామా అనుకున్నాం. వంటింట్లో తూకం ఉండే ఇళ్లు తక్కువ, పైగా ఇక్కడ కావాల్సింది ఎంతన్నది కాదు, దేనికి ఎంతన్న నిష్పత్తి. అరగ్లాసు బియ్యం మెత్తగా ఉడకడానికి గ్లాసున్నర నీళ్లు తాగుతాయి, గ్లాసు పిండి రెండు గ్లాసుల నీళ్లు పట్టుకుంటుంది, మొత్తం మూడున్నర. ఈ లెక్క క్యాప్షన్‌లో అక్కర్లేదు. "ఒకే గ్లాసుతో" అన్న మాట ఒక్కటి చాలు, ఎవరింట్లో ఏ గ్లాసున్నా సరిపోతుంది.

నోరూరించే మాట ఎక్కడ, ఎలా? కుర్రాడి క్యాప్షన్‌లో రుచికరమైన, అదిరిపోద్ది, వేడివేడిగా ఉన్నాయి. బిర్యానీ కింద పెట్టినా, బజ్జీల కింద పెట్టినా చెల్లే మాటలివి. సంగటికి మాత్రమే చెందినదేదో ఒకటి కావాలి. అక్కను ఎలా తింటారని అడిగితే చేత్తో చూపించింది: ముద్ద మధ్యలో వేలితో గుంట నొక్కి, అందులో నెయ్యి వేసి, అంచు నుంచి తుంచి నెయ్యిలో అద్దుకుని పులుసులో ముంచడం. ఆ చేయి కదలికే మొదటి వరస అయింది. రంగు, పొగ, పులుసు ఎరుపు ఫొటోలో కనిపిస్తూనే ఉన్నాయి, వాటి గురించి మళ్లీ రాయలేదు.

పోస్ట్ చేసిన క్యాప్షన్ ఇది:

"వేడి ముద్దలో వేలితో గుంట నొక్కి నెయ్యి పోస్తే, పులుసు వచ్చేదాకా ఆగలేరు.

ఒకే గ్లాసుతో కొలవండి: బియ్యం అర, నీళ్లు మూడున్నర, రాగిపిండి ఒకటి.

నానిన బియ్యం ఉప్పేసి మెత్తగా ఉడికించండి, గంజి మిగలాలి.

మంట తగ్గించి పిండి మధ్యలో కుప్పగా పోసి, కట్టెతో ఒక కన్నం పెట్టి మూతపెట్టండి. కలపొద్దు.

పైన పిండి పొడిగానే కనిపిస్తుంది, అలాగే ఉండాలి. కన్నంలోంచి గంజి ఉబికాక ఇంకో ఐదు నిమిషాలు.

దించి, గిన్నెను గుడ్డతో గట్టిగా పట్టుకుని అడుగు నుంచి గెలకండి. తడి చేతికి అంటుకోకపోతే ముద్దలు చేసుకోవచ్చు."

"కలపొద్దు" అన్నది విడిగా ఒక వాక్యం. ముందు రూపంలో "కలపకుండా మూతపెట్టి" అని వాక్యంలో కలిసిపోయి ఉండేది. చివరి వరసలో సమయం లేదు, చేతికి తెలిసే గుర్తు ఉంది. అంటుకుంటుంటే ఇంకా మగ్గాలని అర్థం, మళ్లీ సన్న మంట మీద మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. అది కూడా రాద్దామనుకున్నాం గానీ, అంటుకోకూడదని తెలిస్తే ఏం చెయ్యాలో వంట తెలిసినవాళ్లకు తట్టుతుందని వదిలేశాం.

ఫొటోల్లోనూ ఒక మార్పు చేశాం. అంతకుముందు మూడు ఫొటోలూ వడ్డించిన పళ్లెం అందాలే. రెండోదాన్ని తీసేసి, గిన్నెలో గంజి మధ్య పొడిపిండి కుప్ప, దాని నడుమ కన్నం కనిపించే ఫొటో పెట్టాం. చూడటానికి అందంగా లేదు, అక్కకు నచ్చలేదు. "ఇదేంది, పచ్చిపిండి చూపిస్తే ఎవరు కొంటారు?" అంది. కానీ ఆ ఉత్తరాంధ్ర అమ్మాయి మూత తీసినప్పుడు చూసింది సరిగ్గా అదే. ఫోన్‌లోనూ గిన్నెలోనూ ఒకటే కనిపిస్తే కంగారుండదు.

మళ్లీ ఆ అమ్మాయికే ఇస్తే లెక్కలోకి రాదు, ఆమెకు ఇప్పుడు తెలుసు. ఆమె ఆఫీసు స్నేహితురాలికి పంపించాం. ఆమె కూడా మధ్యలో మూత తీసి చూసిందట, పొడిగా ఉంది, ఫోన్ చూసుకుని మళ్లీ మూత పెట్టిందట. పంపిన ఫొటోలో ముద్ద కొంచెం వంకరగా ఉంది గానీ ఉండలు లేవు.

దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

ఇదే పద్ధతిలో అక్క చెనిక్కాయల పొడికి కూడా క్యాప్షన్ రాశాం. అక్కడ చెడేచోటు వేరు. వేయించిన చెనిక్కాయలు వేడిగా ఉండగానే మిక్సీలో వేస్తే నూనె వదిలి పొడి కాస్తా ముద్దయిపోతుంది. కాబట్టి ఎండుమిరప, తెల్లగడ్డ, జీలకర్ర అన్నీ ఒక్క వరసలో సర్ది, "పూర్తిగా చల్లారాక, మిక్సీ ఆపి ఆపి తిప్పండి" అన్నదానికి వరస మొత్తం ఇచ్చాం. బాణలి దించినా అందులోనే వదిలేస్తే చెనిక్కాయలు ఇంకా మాడుతూనే ఉంటాయి, అందుకని వెంటనే పళ్లెంలోకి తియ్యమన్నది రెండో వరస. అంతకు మించి అక్కర్లేకపోయింది.

ఓళిగలకు మాత్రం కుదరలేదు. పిండి ఎంత జారుగా ఉండాలో, పూర్ణం ఎంత గట్టిగా ఉండాలో, రెండూ ఒకే మెత్తదనంలో ఉన్నాయో లేదో వేలితో నొక్కి చూసుకోవాల్సిన వంట అది. ఒకటి రెండు చోట్ల కాదు, ప్రతి మెట్టూ చేతి అంచనా మీదే నడుస్తుంది. వరసల్లో పెట్టబోతే ఏది తీసినా చెడుతోంది. దానికి క్యాప్షన్ వద్దని, పిండి వేలికి ఎలా సాగుతుందో చూపించే చిన్న వీడియో తియ్యమని చెప్పి ఊరుకున్నాను.

సంగటి క్యాప్షన్ తర్వాత ఉండల ఫోన్లు బాగా తగ్గాయని అక్క చెప్పింది. సంక్రాంతి దాటాక ఇంకో రకం ఫోన్లు మొదలయ్యాయి: సంగటి జారిపోతోంది, ముద్ద నిలబడటం లేదు. కొలత మారలేదు, పిండి అదే మరది. అడిగితే తేలింది, చాలామంది ఇంట్లో అప్పుడు కొత్త బియ్యం. కొత్త బియ్యం నీళ్లు తక్కువ పీలుస్తాయి, ఊరికే జిగురెక్కుతాయి. పల్లెలో ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు కాబట్టి పేరాలోనూ లేదు, మా ప్రశ్నల్లోనూ రాలేదు. రెండో వరస చివర "కొత్త బియ్యమైతే నీళ్లు మూడే" అని చేర్చాం. వేసవికల్లా దాన్ని తీసేద్దామని అక్క అంటోంది, నేను ఉంచుదామంటున్నాను, ఇంకా తేలలేదు.